సైకిలు సీటు, మోకాలి చిప్ప

మా మండలంలో సైకిలు మీద బడికి పోయే టీచర్లు ఇంకా ఉన్నారు. మోటారు బండ్లు పెరిగిన మాట నిజమే. కానీ వాగు అవతల గూడేలకు పోయే దారుల్లో, వర్షాకాలంలో బండిని ఎత్తి దాటించలేం, సైకిలునైతే భుజాన వేసుకుని దాటవచ్చు. కాంట్రాక్టు మీద పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పెట్రోలు ఖర్చు కూడా చూసుకోవాల్సిందే. అంగన్‌వాడీకి పోయేవాళ్లు, ఆశా కార్యకర్తలు, హైస్కూలుకు వచ్చే పెద్ద పిల్లలు, అందరికీ అదే బండి.

నేను గోదావరి ఒడ్డు రోడ్డు నుంచి లోపలికి 7 కిలోమీటర్లు పోయి వస్తాను. ఇప్పుడు నాకు 46 ఏళ్లు. ఇన్నేళ్లలో మా వాళ్ల నోట ఎక్కువగా విన్న మాట, "సార్, సైకిలు తొక్కితే మోకాళ్లు అరుగుతాయంట గదా" అని. తొక్కడం వల్ల మోకాలు అరగదు. సీటు ఉండవలసిన చోట లేకపోతే మాత్రం నొప్పి వస్తుంది. మా దగ్గర పది సైకిళ్లు చూస్తే అందులో ఎక్కువ వాటికి సీటు ఉండవలసిన దానికన్నా కిందే ఉంటుంది. ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పేది ఆ ఒక్క సంగతే. సీటు ఎత్తు ఎలా కనుక్కోవాలి, ఎలా మార్చుకోవాలి, మార్చాక ఎలా కూర్చుని తొక్కాలి.

సీటు కిందికి ఎందుకు ఉంటుందో ముందు చూద్దాం, ఎందుకంటే దానికి కారణాలున్నాయి. ఒకటి, ఇంట్లో సైకిలు ఒకటే, తొక్కేవాళ్లు నలుగురు. పొద్దున నాన్న చేనుకు, తర్వాత పిల్లవాడు బడికి, సాయంత్రం అమ్మ రేషన్ షాపుకు. అందరిలో పొట్టివాళ్లకు సరిపోయే ఎత్తులో సీటు ఆగిపోతుంది. రెండు, ఇసుక దారి, బురద దారి. సీటు మీద కూర్చునే రెండు పాదాలూ నేల మీద ఆనించగలిగితే ధైర్యం. మూడు, వెనక క్యారియర్ మీద బియ్యం మూటో కట్టెల మోపో ఉంటే, ఆగినప్పుడు కాళ్లు ఆనకపోతే బండి పడిపోతుంది. ఈ మూడూ సరైన కారణాలే. అర కిలోమీటరు పోయి వచ్చే పనికి వీటివల్ల ఏ నష్టమూ లేదు. రోజూ పది, ఇరవై కిలోమీటర్లు ఉద్యోగానికి పోయి వచ్చే మనిషికి మాత్రం ఈ ఎత్తు సరిపోదు.

ఎందుకు సరిపోదో తెలుసుకోవాలంటే మోకాలిని ఒకసారి చూడాలి. మోకాలి ముందు ఉండే చిప్ప, తొడ ఎముక చివర ఉన్న గాడిలో పైకీ కిందికీ జారుతూ ఉంటుంది. కాలు చాచి ఉన్నప్పుడు చిప్ప వదులుగా ఉంటుంది. కూర్చుని కాలు చాచి, చేత్తో పట్టుకుని చూడండి, అటూ ఇటూ కదులుతుంది. ఇప్పుడు మోకాలు బాగా మడిచి పట్టుకోండి, కదలదు. తొడ కండరం దాన్ని ఎముకకు గట్టిగా అదిమి ఉంచుతుంది. మోకాలు ఎంత ఎక్కువ మడిచి, ఆ మడతలో ఎంత బలం పెడితే, చిప్ప వెనక అంత ఒత్తిడి. గొంతుకు కూర్చున్నవాడు మూట నెత్తిన పెట్టుకుని లేవడం ఎంత కష్టమో, స్టూలు మీద కూర్చున్నవాడు లేవడం ఎంత తేలికో మనకు తెలుసు. సీటు కిందికి ఉన్న సైకిలు తొక్కడమంటే, ప్రతి తొక్కుకూ గొంతుకు కూర్చుని లేవడం లాంటిదే.

మా నల్ల సైకిళ్లకు ముందు చక్రానికి, అంటే పెడల్ దగ్గరి పళ్ల చక్రానికి, సాధారణంగా 44 పళ్లు ఉంటాయి. వెనక ఫ్రీవీలుకు 18. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 5.4 మీటర్లు పోతుంది. 9 కిలోమీటర్ల దూరం ఆపకుండా తొక్కితే పెడల్ సుమారు 1,670 చుట్లు తిరుగుతుంది. పోయి రావడానికి ఒక్కో మోకాలు 3,300 సార్లకు పైగా మడిచి తెరుచుకుంటుంది. ఒక్కసారి మడిస్తే ఏమీ కాదు. ఇన్ని వేల సార్లు, వారానికి ఆరు రోజులు, నెలల తరబడి అయితే తేడా తెలుస్తుంది.

ఇప్పుడు ఒక తమ్ముడి సంగతి చెబుతాను. వరసకు తమ్ముడు, వయసు 27. మా క్లస్టర్‌లోనే ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేస్తున్నాడు. ఇంటి నుంచి బడికి 9 కిలోమీటర్లు. అందులో 5 తారు రోడ్డు, 4 మట్టి దారి. చేరిన మూడో నెలలో కుడి మోకాలు ముందు భాగంలో నొప్పి మొదలయింది. మొదట ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే. తర్వాత బడిలో కింద కూర్చుని లేచేటప్పుడు. తర్వాత ఇంటి మెట్లు దిగేటప్పుడు కూడా. ఊళ్లో వైద్యం చేసే ఆయన సూది వేశాడు, మాత్రలు ఇచ్చాడు. రెండు రోజులు తగ్గింది, మళ్లీ వచ్చింది. నెలలో నాలుగు రోజులు బడికి పోలేకపోయాడు. ఏకోపాధ్యాయ పాఠశాల కాబట్టి ఆ నాలుగు రోజులూ బడి తెరవలేదు. 19 మంది పిల్లలు వచ్చి, గేటు చూసి, వెనక్కి పోయారు.

కాంప్లెక్స్ మీటింగులో కలిసినప్పుడు, "అన్నా, వాయిదాల మీద బండి తీసుకుందామనుకుంటున్నా, నా జీతానికి ఎలా కట్టాలో తెలియడం లేదు" అన్నాడు. "బండి సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ, ఆదివారం నీ సైకిలు తీసుకుని మా ఇంటికి రా" అన్నాను.

ఆదివారం వచ్చాడు. మేం చేసిన పని వరసగా చెబుతాను. ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. కావలసినవి ఒక పానా, కొలిచే టేపు, ఒక లావుపాటి పుస్తకం, సాయానికి ఒక మనిషి.

మొదట కాలు పొడవు కొలిచాం. చెప్పులు విడిచి, గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య జానెడు ఎడం పెట్టి నిలబడ్డాడు. అట్టపుస్తకాన్ని కాళ్ల మధ్య, సీటు మీద కూర్చున్నట్టు పైకి గట్టిగా ఆనించి పట్టుకున్నాడు. పుస్తకం వెనక అంచు గోడకు తగిలి ఉండాలి, అప్పుడే అది వంకర పోదు. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత పెట్టి, నేల నుంచి గీత వరకు కొలిచాం. 78 సెంటీమీటర్లు వచ్చింది. ప్యాంటు కొలత దీనికి పనికిరాదు, అది ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది.

ఈ కొలతను 1.09తో గుణించాలి. 78 ఇంటూ 1.09 అంటే సుమారు 85. పెడల్ బాగా కిందికి ఉన్నప్పుడు, పెడల్ పై భాగం నుంచి సీటు పై భాగం వరకు ఉండవలసిన దూరం ఇది. ఇక్కడ ఒక చిన్న విషయం. పెడల్ కడ్డీ నేలకు నిటారుగా ఉన్నప్పుడు కాదు, సీటు రాడ్ దిగిన ఫ్రేము గొట్టానికి వరసలో ఉన్నప్పుడు కొలవాలి. పెడల్ సీటుకు అన్నిటికన్నా దూరంగా ఉండేది అప్పుడే. తమ్ముడి సైకిలుకు అలా కొలిస్తే 78 వచ్చింది. అంటే సీటు 7 సెంటీమీటర్లు కిందికి ఉంది. "షాపులో ఎలా ఇచ్చారో అలాగే ఉందన్నా" అన్నాడు. షాపువాళ్లు అందరికీ పనికొచ్చేలా కింద బిగించి ఇస్తారు, తర్వాత ఎవరికి తగ్గట్టు వాళ్లు మార్చుకోవాలి. ఆ మాట చెప్పేవాళ్లు ఉండరు, అంతే.

లెక్క మనకు ఇంచుమించు ఎక్కడ ఉండాలో చెబుతుంది. ఖాయం చేసేది మాత్రం మడమ పరీక్ష. సైకిలును గోడ పక్కనో, ఇంటి స్తంభం పక్కనో నిలబెట్టి, రోజూ తొక్కే చెప్పులతోనే ఎక్కి కూర్చోవాలి. సాయం మనిషి హ్యాండిల్ పట్టుకోవాలి. పెడల్ మీద మడమ పెట్టి, పెడల్‌ను వెనక్కి తిప్పుతూ అన్నిటికన్నా దూరమైన చోటికి తేవాలి. అక్కడ కాలు నిటారుగా చాచి ఉండాలి, మడమ పెడల్‌ను వదలకూడదు, పిరుదు ఒక పక్కకు ఒరగకూడదు. మడమతో నిటారుగా చాచిన కాలు, తర్వాత వేళ్ల మొదట్లో ఉండే దిబ్బను పెడల్ మీద పెట్టగానే మోకాలి దగ్గర కొద్దిగా వంగుతుంది. ఆ కొద్దిపాటి వంపే కావలసింది. కొలిచే పరికరం ఉన్నచోట ఆ వంపును 25 నుంచి 35 డిగ్రీలుగా చూస్తారు. మనకు ఆ పరికరం అక్కరలేదు, మడమ చాలు.

కూర్చునే పరీక్ష చేయడానికి ఇంకో కారణం ఉంది. మన నల్ల సైకిళ్ల సీటు కింద స్ప్రింగులు ఉంటాయి. మనిషి కూర్చోగానే సీటు సెంటీమీటరు పైగా దిగుతుంది. పాత సీటయితే తోలు జారి ఇంకా ఎక్కువ దిగుతుంది. ఇటు చెప్పు అట్ట మందం కాలును అంతే పొడవు చేస్తుంది. ఈ రెండూ కలిసి సీటు ఎత్తును ఒకే వైపు, అంటే కిందికే, తగ్గిస్తాయి గానీ, ఎవరి సీటు ఎంత దిగుతుందో, ఎవరి చెప్పు ఎంత మందమో టేపుకు తెలియదు. మడమకు తెలుస్తుంది.

తమ్ముడి సీటు ఎత్తడం మొదలుపెట్టాం. సీటు రాడ్ ఫ్రేములోకి దిగే చోట ఒక బోల్టు ఉంటుంది. ఎక్కువ సైకిళ్లకు 13 లేదా 14 నంబరు పానా పడుతుంది. దాన్ని వదులు చేసి సీటును ముక్కు, తోక పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ లాగాలి. రాలేదు. వాన నీరు దిగి తుప్పు పట్టింది. సుత్తితో కొడితే రాడ్ వంగుతుంది, ఫ్రేము గొట్టం నోరు చెడుతుంది. రాడ్ చుట్టూ కిరసనాయిలు పోసి, రెండు గంటలు వదిలేశాం. అన్నం తిని వచ్చి తిప్పితే కదిలింది. పూర్తిగా బయటికి తీసి, తుప్పు రుద్ది, గ్రీజు పల్చగా రాసి మళ్లీ దించాం.

బయటికి తీసినప్పుడే రాడ్ పొడవు చూడాలి. ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి. రాడ్ ఎంత పైకి లాగినా, ఫ్రేము లోపల కనీసం 7 సెంటీమీటర్లు, అంటే నాలుగు వేళ్ల వెడల్పు, ఉండి తీరాలి. కొన్ని రాడ్ల మీద గీత ఉంటుంది, ఆ గీత బయటికి కనిపించకూడదు. లోపల తక్కువ ఉంటే గుంతలో పడ్డప్పుడు రాడ్ వంగుతుంది, లేదా ఫ్రేము చీలుతుంది. తమ్ముడి రాడ్ లోపల 13 సెంటీమీటర్లు ఉంది, అంటే 6 మాత్రమే ఎత్తవచ్చు. అది 84కు సరిపోతుంది. ఇంకా పైకి కావలసినవాళ్లు పొడవు రాడ్ కొనుక్కోవాలి. కొనేటప్పుడు పాత రాడ్ చేత్తో పట్టుకుపోవాలి, లావులో చిన్న తేడా ఉన్నా ఫ్రేములో బిగవదు.

అయితే ఆ రోజే 6 సెంటీమీటర్లు ఎత్తలేదు. మూడు నెలలు ఒక రకంగా తొక్కిన కాలు, ఒక్కరోజులో మార్చితే పిక్కలు, తొడ వెనక నరాలు పట్టేస్తాయి, బ్యాలెన్సు కూడా తప్పుతుంది. మొదటి రోజు 2 సెంటీమీటర్లు ఎత్తాం. తర్వాత నాలుగైదు రోజులకు ఒకసారి 1 సెంటీమీటరు చొప్పున అతనే ఎత్తుకున్నాడు. చివరి 1 సెంటీమీటరు రెండు సగాలుగా చేశాడు. మూడు వారాలకు 84 దగ్గరికి వచ్చాడు. లెక్క ప్రకారం 85 గదా అని పొడవు రాడ్ అరువు తెచ్చి చూశాం. నేను వెనక నుంచి సైకిలు తొక్కుతూ అతని నడుము చూశాను. 85 దగ్గర ప్రతి తొక్కుకూ నడుము ఒక పక్కకు ఒకసారి, ఇంకో పక్కకు ఒకసారి ఊగుతోంది. 84 దగ్గర నిశ్చలంగా ఉంది. 84 దగ్గరే ఆపాం. లెక్కకూ ఒంటికీ తేడా వస్తే ఒంటి మాటే వినాలి.

సీటు మరీ ఎక్కువ ఎత్తినా నొప్పే. కాకపోతే అది వేరే చోట వస్తుంది. అందుకని నొప్పి ఎక్కడ ఉందో చెబితే సగం కారణం తెలిసిపోతుంది. మోకాలి ముందు, చిప్ప చుట్టూ అయితే సీటు కిందికి ఉంది, లేదా బరువు గేరులో బలంగా తొక్కుతున్నారు. మోకాలి వెనక గుంటలో లాగినట్టు ఉంటే సీటు ఎక్కువ ఎత్తింది, పెడల్ అందుకోవడానికి కాలు సాగుతోంది. లోపలి పక్కో బయటి పక్కో అయితే ఎత్తు కన్నా పాదం పెట్టే తీరు చూసుకోవాలి. పాదం బాగా బయటికో లోపలికో తిరిగి ఉంటుంది, లేదా మోకాలు పెడల్ మీదుగా కాకుండా పక్కకు పోతూ ఉంటుంది. సీటు కిందికి ఉన్నవాళ్లు కప్ప కాళ్లలా మోకాళ్లు బయటికి పెట్టి తొక్కుతారు, చేతులకు తగలకుండా. సీటు ఎత్తగానే చాలామందికి ఇది తనంతట తనే సరిపోతుంది.

ఎత్తు కుదిరాక పాదం, కూర్చునే తీరు. ఎక్కువ మంది పాదం మధ్య వంపును పెడల్ మీద పెట్టి తొక్కుతారు. చెప్పు జారకుండా ఉంటుందని. అలా తొక్కితే మడమ వాడినట్టే అవుతుంది, పిక్క కండరం పని చేయదు, భారమంతా తొడ మీద, మోకాలి మీద పడుతుంది. వేళ్ల మొదట్లోని దిబ్బ పెడల్ ఇరుసు మీదికి రావాలి. వెనక పట్టీ ఉన్న చెప్పులు దీనికి మంచివి. హవాయి చెప్పులు జారుతాయి, వాన రోజు మరీ. పాదం సహజంగా నడిచేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉండనివ్వాలి, బలవంతంగా తిప్పకూడదు.

సీటు ముందుకూ వెనక్కూ జరిగే సంగతి ఎత్తు తర్వాత చూడాలి. పెడల్ కడ్డీలు రెండూ నేలకు సమానంగా పెట్టి, ముందున్న మోకాలి చిప్ప కింద తగిలే ఎముక బుడిపె నుంచి దారానికి రాయి కట్టి వదిలితే, ఆ దారం పెడల్ ఇరుసు దగ్గర పడాలి. ఇది గట్టి నియమం కాదు, అందాజు. నల్ల సైకిళ్ల ఫ్రేము గొట్టం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి మన దగ్గర దారం సాధారణంగా కొంచెం వెనకే పడుతుంది, దానివల్ల మోకాలికి ఇబ్బంది లేదు. ముందుకు పడితే మాత్రం సీటు కింది క్లిప్పు వదులు చేసి వెనక్కి జరపాలి. సీటు పై భాగం నేలకు సమానంగా ఉండాలి. ముక్కు కిందికి దిగితే మనిషి ముందుకు జారుతూ, చేతుల మీద ఆగుతూ తొక్కుతాడు. జారినవాడు ముక్కు మీద కూర్చుంటాడు, మళ్లీ మోకాలు ఎక్కువ మడుస్తుంది. సీటు ఎత్తి కూడా నొప్పి పోనివాళ్లలో కొందరి సంగతి ఇదే. వాళ్లు సీటు వెడల్పు భాగం మీద కూర్చోవడం లేదు. పుస్తకాల సంచి భుజాన వేసుకుంటే కూడా ఒళ్లు ముందుకు వంగి అలాగే జారుతుంది. సంచి క్యారియర్ మీద కట్టాలి.

ఇక బలం సంగతి. మన సైకిలుకు గేర్లు లేవు, కాబట్టి ఎత్తు వస్తే కొందరు పంతంగా నిలబడి, పెడల్ మీద బరువంతా వేసి ఎక్కుతారు. నిమిషానికి 60, 70 చుట్లు తేలిగ్గా తిరిగే పెడల్ వల్ల మోకాలికి నష్టం లేదు. నిమిషానికి 30, 40 చుట్లు, పళ్లు కొరుకుతూ తిప్పే పెడల్ వల్లే నష్టం. తమ్ముడి దారిలో వాగు దాటాక ఒక ఎత్తు ఉంది, 200 మీటర్లు ఉంటుంది. అక్కడ దిగి నడవమన్నాను. నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. రెండో పని, వెనక ఫ్రీవీలు 18 పళ్లది తీసి 20 పళ్లది వేయించాం. ఒక చుట్టుకు 5.4 మీటర్లు పోయే బండి 4.8 మీటర్లు పోతుంది. చదును రోడ్డు మీద కొంచెం ఎక్కువ తిప్పాలి గానీ ప్రతి తొక్కూ తేలికవుతుంది. ఫ్రీవీలు పెద్దదయితే చెయిన్ పొడవు చాలకపోవచ్చు, ఒక లింకు కలపవలసి వస్తుందని మెకానిక్‌కు ముందే చెప్పాలి. టైర్లలో గాలి తక్కువగా ఉన్నా ఇదే బరువు మోకాలి మీద పడుతుంది. వారానికి ఒకసారి గాలి కొట్టుకోవాలి.

సీటు ఎత్తాక అందరూ అడిగేది ఒక్కటే, "మరి ఆగేటప్పుడు కాలు ఆనదు గదా?" అని. ఆనదు. సరైన ఎత్తులో ఉన్న సీటు మీద కూర్చుంటే మునివేళ్లు మాత్రమే నేలకు తగులుతాయి, కొందరికి అవి కూడా తగలవు. సీటు మీద కూర్చుని ఆగే అలవాటు మానుకోవాలి. ఆగబోయే ముందు ఒక పెడల్‌ను కిందికి తెచ్చి, దాని మీద నిలబడి, సీటు ముందుకు దిగి, రెండో కాలు నేల మీద పెట్టాలి. ఎక్కేటప్పుడు దీనికి తిరగేసి చేయాలి. ఒక పెడల్ పైకి తెచ్చి, దాన్ని తొక్కుతూ లేచి సీటు మీదికి రావాలి. మధ్యలో కడ్డీ ఉన్న సైకిలుకు ఫ్రేము మరీ పెద్దదయితే ఇలా దిగడం కష్టం. నేల మీద నిలబడితే కడ్డీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లయినా సందు లేని ఫ్రేము ఆ మనిషిది కాదు. తమ్ముడు బడి ఆవరణలో రెండు సాయంత్రాలు ఇది నేర్చుకున్నాడు. పిల్లలు నవ్వారు, తర్వాత వాళ్లూ నేర్చుకున్నారు.

మట్టి దారిలో ఇసుక ఉన్నచోట మాత్రం అతను దిగి నడిపిస్తాడు. వానలు బాగా పడే రెండు నెలలు సీటు 2 సెంటీమీటర్లు దించుకుంటాడు. జారి పడడం కన్నా కొంచెం మోకాలి భారం మేలు. ఆ రోజుల్లో దూరం కూడా మెల్లగానే పోతాడు.

ఫలితం ఎలా ఉందంటే, మొదటి వారం పెద్ద తేడా లేదు. అప్పటికే రేగిన మోకాలు సీటు ఎత్తగానే చల్లబడదు. రెండో వారం నుంచి మెట్లు దిగేటప్పటి నొప్పి తగ్గింది. ఆరో వారానికి ఎత్తు దగ్గర నడిచి పోతూ, మిగతాదంతా నొప్పి లేకుండా తొక్కాడు. ఆ తర్వాత నెలలో బడి ఒక్కరోజు కూడా మూత పడలేదు. వాయిదాల బండి మాట మళ్లీ ఎత్తలేదు.

అన్ని మోకాళ్లూ సీటుతో బాగుపడవు. మోకాలు వాచినా, వేడిగా ఉన్నా, మధ్యలో ఇరుక్కుని చాచలేకపోయినా, నడుస్తుంటే ఒక్కసారిగా లొంగిపోయినా, పడిపోయిన తర్వాత నొప్పి మొదలయినా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉన్నా, జ్వరం ఉన్నా, అది పానాతో అయ్యే పని కాదు. ఆసుపత్రికి పోవాలి. సీటు సరిచేసి, రెండు మూడు వారాలు దూరం తగ్గించి, తేలిగ్గా తొక్కినా ఏమాత్రం తగ్గని నొప్పికి కూడా అదే మాట. మాత్రలు వేసుకుని నొప్పి తెలియకుండా అదే ఎత్తులో తొక్కడం అన్నిటికన్నా చెడ్డది.

టీచర్లకు ఒక మాట. 1.09తో గుణించడం దశాంశాల లెక్క. ఒక పీరియడ్ పెట్టి, పిల్లల చేతే కాలు పొడవు కొలిపించి, లెక్క వేయించి, బయటికి తీసుకుపోయి వాళ్ల సైకిళ్ల సీట్లు కొలిపించవచ్చు. ఆడపిల్లలు కొలత వాళ్లలో వాళ్లు తీసుకుంటారు, లేదా మేడమ్ చూస్తారు. ఎదిగే పిల్లలకు కాలు పొడవు మారుతూ ఉంటుంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు, బడి తెరిచాక ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి కొలిపిస్తే సరిపోతుంది.

ఇంట్లో నలుగురికీ ఒకటే సైకిలు అయితే సీటు రాడ్ మీద ఎవరి గీత వాళ్లు పెట్టుకోండి. నెయిల్ పాలిష్ అయితే వానకు పోదు. మా ఇంట్లో రాడ్ మీద మూడు రంగుల గీతలు ఉన్నాయి. పానా సీటు కింద గుడ్డలో చుట్టి కట్టి ఉంటుంది. సైకిలు తీసుకునేవాళ్లు తమ గీత దగ్గరికి సీటు తెచ్చుకుని, బోల్టు బిగించుకుని పోతారు. ఒక నిమిషం పని.